నాలుగు కేబీనా, పదహారు కేబీనా? మెమరీ పేజీ సైజు వెనకున్న లెక్క

గూగుల్ ప్లే స్టోర్‌కి యాప్‌లు పంపే వాళ్లందరికీ 2025లో ఒక షరతు వచ్చింది. ఆండ్రాయిడ్ 15ని, ఆ పై వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకున్న యాప్ అయితే, నవంబరు 1 నుంచి కొత్తగా పంపినా, పాతదానికి అప్‌డేట్ పంపినా, 64 బిట్ ఫోన్లలో 16 కేబీ పేజీ సైజు మీద అది పనిచేసి తీరాలి. అంతవరకూ ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ నడిచింది 4 కేబీ పేజీల మీద. 1985లో ఇంటెల్ విడుదల చేసిన 80386 ప్రాసెసర్ పేజీ కూడా 4 కేబీయే. ఆ ప్రాసెసర్ వారసులైన నేటి ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు చాలావరకూ ఇప్పటికీ అదే సైజు వాడుతున్నాయి. ప్రాసెసర్ వేగం వేల రెట్లు పెరిగింది, మెమరీ వేల రెట్లు పెరిగింది, ఈ ఒక్క అంకె మాత్రం నాలుగు దశాబ్దాలు కదల్లేదు.

ఈ అంకెను తేల్చే సూత్రం ఒకటుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివిన ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థీ పరీక్షలో దాన్ని రాసే ఉంటాడు. రెండు రకాల వృథాల మధ్య రాజీ ఎక్కడ కుదురుతుందో ఆ సూత్రం చెబుతుంది. ఇదే సూత్రంతో నేటి ఫోన్ యాప్‌ని లెక్కేస్తే గూగుల్ నిర్ణయానికి సరిగ్గా వ్యతిరేకమైన జవాబొస్తుంది. అలా ఎందుకొస్తుందో తెలియాలంటే ముందు సూత్రాన్ని దాని మానాన నడిపించి చూడాలి.

ఫోన్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ తనకంటూ ఒక సొంత మెమరీ ఉన్నట్టు కనిపిస్తుంది. సున్నాతో మొదలై వరసగా పోయే చిరునామాలు దానివి. అసలు ర్యామ్‌లో మాత్రం ఆ ప్రోగ్రామ్ సరుకు ఒకచోట ఉండదు, ముక్కలు ముక్కలుగా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్దుకుని ఉంటుంది. ఆ ముక్కల పేరే పేజీ. అన్నీ ఒకే సైజులో ఉంటాయి. ప్రోగ్రామ్ అనుకుంటున్న చిరునామా అసలు ర్యామ్‌లో ఏ చోటుకు చెందుతుందో రాసిపెట్టే జాబితా పేజీ టేబుల్. ఒక్కో పేజీకి అందులో ఒక్కో ఎంట్రీ ఉంటుంది.

గోదాములో రైతుల ధాన్యం నిల్వ చేసినట్టు అనుకోండి. ఒకరి బస్తాలో ఇంకొకరి గింజలు పోయకూడదు, ప్రతి బస్తా ఎక్కడుందో పద్దు పుస్తకంలో ఒక వరస రాయాలి. బస్తాలు చిన్నవైతే పుస్తకం లావెక్కుతుంది. పెద్దవైతే పుస్తకం సన్నగా ఉంటుంది కానీ, ప్రతి రైతు ఆఖరి బస్తా సగం ఖాళీగా మిగిలిపోతుంది. పేజీ సైజు గొడవ మొత్తం ఇదే.

ఆఖరి పేజీలో మిగిలిపోయే ఆ ఖాళీని ఇంటర్నల్ ఫ్రాగ్మెంటేషన్ అంటారు. ఒక ప్రోగ్రామ్‌కి 4 కేబీ పేజీల్లో 41 కేబీ మెమరీ కావాలనుకుందాం. పది పేజీలు ఇస్తే 40 కేబీ అవుతుంది, మిగిలిన ఒక్క కేబీ కోసం పదకొండో పేజీ ఇవ్వాలి. అందులో 3 కేబీ ఊరికే పడి ఉంటుంది. వేరే ప్రోగ్రామ్‌కి దాన్ని ఇవ్వడానికి వీల్లేదు, ఎందుకంటే కాపలా అంతా పేజీ లెక్కనే ఉంటుంది. ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అన్న అనుమతులు పేజీకి ఒక్కటే. ఆఖరి పేజీలో ఎంత నిండుతుందో ముందుగా చెప్పలేం. ఒకసారి దాదాపు నిండుతుంది, ఒకసారి దాదాపు ఖాళీగా ఉంటుంది. సగటున సగం పేజీ పోతుందని లెక్కేసుకోవడం సబబే. అంటే పేజీ సైజు p అయితే ఈ వృథా p/2.

రెండో వైపు పేజీ టేబుల్. అది కూడా ర్యామ్‌లోనే ఉండాలి, ప్రోగ్రామ్ వాడుకోవలసిన చోటునే తింటుంది. ప్రోగ్రామ్ సైజు s బైట్లు, ఒక్కో ఎంట్రీ e బైట్లు అనుకుంటే, పేజీలు s/p, టేబుల్ సైజు s × e / p. రెండూ కలిపితే మొత్తం భారం ఇది:

```
భారం = s × e / p  +  p / 2
```

మొదటి భాగం పేజీ పెరిగేకొద్దీ తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. కనిష్ఠం ఎక్కడో కనుక్కోవడానికి కలన గణితం వాడొచ్చు, వాడకపోయినా ఇబ్బంది లేదు. ఈ రెండు భాగాలనూ గుణించి చూస్తే p కొట్టుడుపోయి s × e / 2 మిగులుతుంది. అంటే పేజీ సైజు ఎలా మార్చినా వాటి గుణకారం మారదు. గుణకారం మారని రెండు అంకెల కూడిక అతి తక్కువగా ఉండేది అవి రెండూ సమానమైనప్పుడేనని హైస్కూల్లో చదువుకున్నదే. కాబట్టి టేబుల్ తినే చోటు, ఆఖరి పేజీలో పోయే చోటు సమానమైన దగ్గర మంచి పేజీ సైజు దొరుకుతుంది. s × e / p ని p/2 కి సమానం చేస్తే వచ్చేది:

```
p = √(2 × s × e)
```

ఇప్పుడు అంకెలు పెడదాం. 16 ఎంబీ మెమరీ వాడే ప్రోగ్రామ్‌ని తీసుకుందాం. నేటి 64 బిట్ ప్రాసెసర్లలో ఒక్కో ఎంట్రీ 8 బైట్లు. 16 ఎంబీ అంటే 1,67,77,216 బైట్లు. దాన్ని 2తో, 8తో గుణిస్తే 26,84,35,456. దీని వర్గమూలం సరిగ్గా 16,384. అంటే 16 కేబీ.

సూత్రం చెప్పింది నిజమో కాదో చేత్తో సరిచూసుకోవచ్చు. 16 కేబీ పేజీలైతే 16 ఎంబీకి 1,024 పేజీలు కావాలి. ఎంట్రీకి 8 బైట్ల చొప్పున టేబుల్ 8 కేబీ. ఆఖరి పేజీలో పోయేది సగటున 8 కేబీ. మొత్తం 16 కేబీ భారం. అదే 4 కేబీ పేజీలైతే 4,096 పేజీలు, టేబుల్ 32 కేబీ, ఆఖరి పేజీలో 2 కేబీ, మొత్తం 34 కేబీ. ఒక్క కేబీ పేజీలైతే టేబుల్ ఏకంగా 128 కేబీకి చేరుతుంది. ఇటు 64 కేబీ పేజీలకు పోతే టేబుల్ 2 కేబీకి కుదించుకుపోతుంది గానీ, ఆఖరి పేజీలో 32 కేబీ పోయి మళ్లీ 34 దగ్గరికే వస్తుంది. నాలుగు రెట్లు తగ్గించినా, నాలుగు రెట్లు పెంచినా నష్టం ఒకటే.

ఇందులో పెద్దగా ఎవరూ గమనించని విషయం ఒకటుంది. పేజీని 8 కేబీ చేసినా, 32 కేబీ చేసినా భారం 20 కేబీయే అవుతుంది. అనుకూలమైన సైజుకి సగంలో ఉన్నా, రెట్టింపులో ఉన్నా నాలుగో వంతు మాత్రమే ఎక్కువ పడుతుంది. గీత అడుగు భాగం అంత చదునుగా ఉంటుంది. పైగా ఈ భారం మొత్తం 16 ఎంబీలో చూస్తే వెయ్యిలో ఒక వంతు. హార్డ్‌వేర్ చేసేవాళ్లు రెండు ఘాతాంకాల్లోంచి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుని దశాబ్దాల పాటు నిశ్చింతగా ఉండగలిగింది ఈ చదును వల్లే.

సూత్రాన్ని తిరగేసి చూస్తే చరిత్ర చదువుకోవచ్చు. ఒక పేజీ సైజు ఎంత ప్రోగ్రామ్‌కి సరిపోతుందో తెలియాలంటే p ని వర్గం చేసి 2e తో భాగించాలి. 1977లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వ్యాక్స్ యంత్రంలో పేజీ 512 బైట్లు, ఎంట్రీ 4 బైట్లు. 512 వర్గం 2,62,144. దాన్ని 8తో భాగిస్తే 32,768. అంటే ఆ పేజీ 32 కేబీ ప్రోగ్రామ్‌కి సరిపోయేది. 80386లో ఎంట్రీ 4 బైట్లు, పేజీ 4,096 బైట్లు. ఇదే లెక్క వేస్తే 2 ఎంబీ వస్తుంది. అదే డిజిటల్ సంస్థ 1992లో ఆల్ఫా ప్రాసెసర్ తెచ్చినప్పుడు పేజీని 8 కేబీ చేసింది, ఎంట్రీ 8 బైట్లయింది. అది 4 ఎంబీకి సరిపోతుంది. ఆ ఇంజినీర్లు ఈ ఒక్క సూత్రం పట్టుకునే కూర్చున్నారని కాదు. డిస్కు వేగం, మెమరీ ధర లాంటివీ వాళ్ల ముందున్నాయి. అయినా ప్రోగ్రాములు లావవుతున్నకొద్దీ పేజీ పెరగాలన్న దారిలోనే వాళ్ల అంకెలన్నీ నడిచాయి.

ఇంకో సంగతి గమనించాలి. ప్రోగ్రామ్ సైజు నాలుగు రెట్లు పెరిగితే పేజీ రెండు రెట్లే పెరగాలి, ఎందుకంటే మధ్యలో వర్గమూలం ఉంది. మెమరీ వెయ్యి రెట్లు పెరిగినా పేజీ ముప్ఫై రెండు రెట్లకు మించి పెరగనక్కర్లేదు.

ఇక్కడిదాకా లెక్క ఎంత ముచ్చటగా ఉన్నా, అది ఒక ఊహ మీద నిలబడి ఉంది. ప్రోగ్రామ్ మెమరీ అంతా ఒకే ముద్దగా ఉంటుందని, కాబట్టి సగం పేజీ ఒక్కసారే పోతుందని. నిజానికి ఏ ప్రోగ్రామూ అలా ఉండదు. దాని కోడ్ ఒక ప్రాంతం, మార్చడానికి వీల్లేని డేటా ఒక ప్రాంతం, మార్చగల డేటా ఒకటి, ప్రతి థ్రెడ్‌కీ ఒక స్టాక్. ఇక వాడుకునే లైబ్రరీల్లో ఒక్కోదానికి మళ్లీ మూడు నాలుగు ప్రాంతాలు. కోడ్‌ని నడపొచ్చు గానీ మార్చకూడదు, డేటాని మార్చొచ్చు గానీ నడపకూడదు. అనుమతులు పేజీకి ఒక్కటే కాబట్టి ఈ రెండూ ఒకే పేజీలో కలవడానికి లేదు. అందువల్ల ప్రతి ప్రాంతానికీ సొంత ఆఖరి పేజీ ఉంటుంది, దాని సొంత వృథా ఉంటుంది.

లినక్స్ యంత్రం ఉన్నవాళ్లు దీన్ని కళ్లారా చూడొచ్చు. నడుస్తున్న ప్రోగ్రామ్ నంబరు 1234 అనుకుంటే:

```
getconf PAGE_SIZE
wc -l /proc/1234/maps
grep VmPTE /proc/1234/status
```

మొదటిది ఆ యంత్రం పేజీ సైజుని బైట్లలో చెబుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో 4096 అని వస్తుంది. రెండోది ఆ ప్రోగ్రామ్‌లో ఎన్ని ప్రాంతాలున్నాయో లెక్కపెడుతుంది. మూడోది దాని పేజీ టేబుల్ ఎంత మెమరీ తింటోందో చూపిస్తుంది. బ్రౌజర్ లాంటి పెద్ద ప్రోగ్రామ్ మీద ఇవి నడిపితే ప్రాంతాలు వందల్లోనో వేలల్లోనో కనిపిస్తాయి.

ప్రాంతాల సంఖ్య n అనుకుంటే వృథా n × p / 2 అవుతుంది, సూత్రంలో s స్థానంలో s/n వస్తుంది. అంటే మొత్తం ప్రోగ్రామ్ ఎంత పెద్దదన్నది కాదు, సగటు ప్రాంతం ఎంత పెద్దదన్నది ముఖ్యం. మన 16 ఎంబీ ప్రోగ్రామ్‌నే 16 ప్రాంతాలుగా విడగొడితే సగటు ప్రాంతం ఒక్క ఎంబీ. దానికి అనుకూలమైన పేజీ సైజు 16 కేబీ నుంచి 4 కేబీకి పడిపోతుంది. 4 కేబీ అంతకాలం ఎందుకు నిలిచిందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. ప్రోగ్రాములు పెద్దవయ్యాయి కానీ వాటితోపాటే ముక్కలూ పెరిగాయి.

ఇప్పుడు ఫోన్ యాప్ దగ్గరికొద్దాం. 256 ఎంబీ వాడే యాప్, అందులో 1,024 ప్రాంతాలు ఉన్నాయనుకుందాం. లెక్క కోసం తీసుకున్న గుండ్రటి అంకెలివి. సగటు ప్రాంతం 256 కేబీ. సూత్రంలో పెడితే 2 × 2,62,144 × 8, అంటే 41,94,304. దాని వర్గమూలం 2,048. సూత్రం కోరేది 2 కేబీ పేజీ! అప్పుడు టేబుల్ 1 ఎంబీ, ఆఖరి పేజీల వృథా 1 ఎంబీ, మొత్తం 2 ఎంబీ. ఇప్పుడున్న 4 కేబీతో అయితే టేబుల్ అర ఎంబీ, వృథా 2 ఎంబీ, మొత్తం రెండున్నర. 16 కేబీకి మారితే టేబుల్ 128 కేబీకి తగ్గుతుంది, వృథా మాత్రం 8 ఎంబీకి ఎగబాకుతుంది. 384 కేబీ మిగుల్చుకోవడానికి 6 ఎంబీ ఖర్చు.

ఇది కాగితం మీది అంచనా అని మర్చిపోకూడదు. తాకని పేజీలు ర్యామ్‌లోకి రానే రావు, లైబ్రరీల పేజీలను చాలా యాప్‌లు పంచుకుంటాయి. కాబట్టి ప్రతి ప్రాంతంలోనూ సగం పేజీ నిజంగా ర్యామ్‌లో పోతుందని అనలేం. అటువైపు సూత్రంలో లేని వృథా కూడా ఒకటుంది. ఒక పేజీలో నాలుగు బైట్లు మాత్రమే కావలసి వచ్చినా పేజీ మొత్తం ర్యామ్‌లోకి రావాలి. పేజీ పెద్దదయ్యేకొద్దీ ఇలా వెంట వచ్చే అనవసర సరుకు పెరుగుతుంది. రెండూ కలిపి చూస్తే దిశ మాత్రం మారదు. మెమరీ పొదుపే లక్ష్యమైతే 16 కేబీ నష్టం బేరం. గూగుల్ కూడా దీన్ని దాచలేదు. 16 కేబీ పేజీలతో సుమారు 9 శాతం ఎక్కువ మెమరీ ఖర్చవుతుందని 2024లో తానే ప్రకటించింది.

మరెందుకు మారాలి?

ఎందుకంటే పేజీ టేబుల్ భారాన్ని సూత్రం బైట్లలో కొలుస్తుంది, నేటి యంత్రాలకు అది సమయంలో పడుతోంది. ప్రోగ్రామ్ మెమరీలో ఏ బైటు తాకినా ముందు దాని చిరునామా మార్చుకోవాలి. నేటి 64 బిట్ ప్రాసెసర్లలో పేజీ టేబుల్ ఒకే పట్టీ కాదు, అంచెలంచెలుగా ఉంటుంది. వాడని చిరునామాలకు టేబుల్ కట్టకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. 4 కేబీ పేజీలతో సాధారణంగా నాలుగు అంచెలు. అంటే ఒక్క బైటు చదవడానికి ముందు నాలుగుసార్లు టేబుళ్లు తిరగేయాలి. ప్రతిసారీ అలా తిరగేస్తే పని సాగదు కాబట్టి ఇటీవల మార్చిన చిరునామాలను ప్రాసెసర్ తన లోపలే ఒక చిన్న అరలో దాచుకుంటుంది. దాని పేరు టీఎల్‌బీ.

ఆ అర చాలా చిన్నది. ప్రాసెసర్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉండే దానిలో 64 ఎంట్రీలు ఉండడం మామూలే. ఒక్కో ఎంట్రీ ఒక్కో పేజీని కప్పుతుంది. 4 కేబీ పేజీలైతే 64 ఎంట్రీలు కలిపి 256 కేబీ మెమరీని మాత్రమే కప్పగలవు. ఇవాళ్టి యాప్ క్షణంలో తాకే మెమరీ ముందు అది ఏ మూలకూ చాలదు. అందులో లేని పేజీ తాకగానే మళ్లీ టేబుళ్ల వెంట నడక. అదే 16 కేబీ పేజీలైతే అవే 64 ఎంట్రీలు 1 ఎంబీని కప్పుతాయి, ఒక్క ట్రాన్సిస్టర్ కూడా అదనంగా పెట్టనక్కర్లేకుండా.

టేబుల్ అంచె కూడా ఒకటి తగ్గే వీలుంది. 4 కేబీ పేజీలో 8 బైట్ల ఎంట్రీలు 512 పడతాయి, ఒక్కో అంచె చిరునామాలో 9 బిట్లను తేలుస్తుంది. 16 కేబీ పేజీలో 2,048 పడతాయి, ఒక్కో అంచె 11 బిట్లను తేలుస్తుంది. మూడు అంచెలకే 33 బిట్లు, పేజీ లోపలి చోటుకు 14 బిట్లు, మొత్తం 47. ఎంత పెద్ద యాప్‌కైనా అది ధారాళంగా చాలు. నాలుగు అడుగుల నడక మూడు అడుగులవుతుంది.

మెమరీ ఒత్తిడి ఉన్నప్పుడు యాప్‌లు తెరుచుకునే సమయం సగటున 3.16 శాతం తగ్గిందని, తెరుచుకునేటప్పుడు ఖర్చయ్యే కరెంటు సగటున 4.56 శాతం తగ్గిందని, ఫోన్ ఆన్ అయ్యే సమయం 8 శాతం తగ్గిందని గూగుల్ తన పరీక్షల ఫలితాలు బయటపెట్టింది. 9 శాతం మెమరీ ఇచ్చి కొనుక్కున్నది ఇది. 12 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌కి ఇది మంచి బేరమే. 4 జీబీ ఫోన్‌తో నెట్టుకొచ్చే మనిషికి 9 శాతం అంటే వెనక నడిచే ఒకట్రెండు యాప్‌లు మూసుకుపోవడం. ఈ లాభనష్టాలు అందరికీ ఒకేలా పడవు.

ఆపిల్ ఈ దారిలో ఎప్పుడో వెళ్లింది. 64 బిట్ ఐఫోన్లలో 16 కేబీ పేజీలు వాడింది, 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌లలోనూ అదే. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ రెండూ ఒకే చేతిలో ఉండడం వల్ల అది తేలికైంది.

మరి ఎందుకు 64 కేబీకి పోరు? ఆర్మ్ ప్రాసెసర్లు 4, 16, 64 కేబీలు మూడింటినీ ఒప్పుకుంటాయి. రెడ్ హ్యాట్ తన ఆర్మ్ సర్వర్ లినక్స్‌ని మొదట 64 కేబీతోనే ఇచ్చింది. తర్వాత 9వ వెర్షన్‌లో 4 కేబీని మామూలు ఎంపిక చేసి, 64 కేబీ కావలసిన వాళ్లకు వేరే కెర్నల్ ఇచ్చింది. పెద్ద పేజీలు ఎక్కడ బెడిసికొడతాయో చిన్న ఫైళ్ల దగ్గర తెలుస్తుంది. లినక్స్ చదివిన ప్రతి ఫైల్‌నీ పేజీల్లోనే ర్యామ్‌లో దాచుకుంటుంది. 3 కేబీ ఉన్న ఫైలు 4 కేబీ పేజీలో పెడితే 1 కేబీ పోతుంది, 64 కేబీ పేజీలో పెడితే 61 కేబీ పోతుంది. అలాంటి ఫైళ్లు లక్ష ఉంటే మొదటి పద్ధతిలో 400 ఎంబీలో సర్దుకుంటాయి, రెండోదానిలో 6 జీబీ దాటుతుంది. వస్తువు పేజీ కన్నా చిన్నదైతే వృథా సగం పేజీ దగ్గర ఆగదు, దాదాపు పేజీ మొత్తం పోతుంది. సూత్రంలోని p/2 అన్న ఊహే అక్కడ కూలిపోతుంది. వేల చిన్న ఫైళ్లతో పనిచేసే వెబ్ సర్వర్‌కి 64 కేబీ తగదు. ఒకే పెద్ద మెమరీ ముద్ద మీద గంటల తరబడి లెక్కలు చేసే శాస్త్రీయ ప్రోగ్రామ్‌కి అది వరం.

పేజీ సైజు మార్చడంలో ఇంకో చిక్కు, లెక్కలతో సంబంధం లేనిది. నలభై ఏళ్లు మారని అంకెను జనం కోడ్‌లో నేరుగా రాసేశారు. 2023లో రాస్ప్‌బెర్రీ పై 5 వచ్చినప్పుడు దాని ఆపరేటింగ్ సిస్టమ్ 16 కేబీ పేజీల కెర్నల్‌తో వచ్చింది. అంతవరకూ చక్కగా నడిచిన కొన్ని ప్రోగ్రాములు తెరవగానే ఆగిపోయాయి. తెరమీద ఈ ఒక్క వరస:

```
<jemalloc>: Unsupported system page size
```

జెమాలక్ అనేది ప్రోగ్రాములకు మెమరీ పంచిపెట్టే ఒక లైబ్రరీ. దాన్ని తయారుచేసేటప్పుడే పేజీ సైజు లోపల స్థిరపడిపోతుంది. 4 కేబీ అనుకుని తయారైనది 16 కేబీ యంత్రం మీద పడేసరికి ముందుకు పోనని మొరాయించింది. ఇలా ఆగిపోవడం ఒక రకంగా మేలే. ఆగకుండా తప్పు చోట రాసుకుంటూ పోయే ప్రోగ్రామ్ కన్నా ఇది నయం. వేరే దారి దొరికేవరకూ చాలామంది `config.txt` లో `kernel=kernel8.img` అని ఒక వరస చేర్చి 4 కేబీ కెర్నల్‌కి వెనక్కి మళ్లారు.

ఆండ్రాయిడ్‌లో జావా, కోట్లిన్‌లతో మాత్రమే రాసిన యాప్‌లకు సాధారణంగా బెంగ లేదు. సీ, సీ ప్లస్ ప్లస్‌లతో రాసిన లైబ్రరీలు, అంటే `.so` ఫైళ్లు మోసుకొచ్చే యాప్‌లకే ఇబ్బంది. గేములు, వీడియో ఎడిటర్లు, ఫొటో ఫిల్టర్లు చాలావరకూ ఈ కోవలోవే. డెవలపర్ తాను ఒక్క వరస సీ రాయకపోయినా, ఎక్కడినుంచో తెచ్చి కలిపిన ప్యాకేజీలో అలాంటి ఫైలు దాగి ఉండొచ్చు. పరీక్షించడం సులువే:

```
llvm-objdump -p libabc.so | grep LOAD
```

ప్రతి LOAD వరస చివర `align 2**12` అని కనిపిస్తే ఆ లైబ్రరీ ప్రాంతాలు 4 కేబీ హద్దుల మీద పేర్చి ఉన్నాయన్నమాట. 16 కేబీ పేజీల ఫోన్‌లో వాటిని విడివిడి అనుమతులతో ఎక్కించడం కుదరదు, ఎందుకంటే కోడ్ తోక, డేటా తల ఒకే పేజీలో పడిపోతాయి. `align 2**14` గానీ అంతకన్నా పెద్దది గానీ ఉండాలి. లింకర్‌కి `-Wl,-z,max-page-size=16384` అని చెప్పి మళ్లీ తయారుచేస్తే సరిపోతుంది. ఎన్‌డీకే 28వ విడుదల నుంచి అది దానంతటదే చేస్తుంది. హద్దులు సరిచేసినా, కోడ్‌లో ఎక్కడైనా 4096 అని చేత్తో రాసి ఉంటే దాన్ని వెతికి `sysconf(_SC_PAGESIZE)` తో మార్చాలి. ఆ వెతుకులాటకు యంత్రం పూర్తిగా సాయపడదు, మనిషి చదవాల్సిందే.

ఇంత గొడవ ఒక్క సైజునే పట్టుకోవడం వల్ల వస్తోంది కదా, రెండు మూడు సైజులు కలిపి వాడొచ్చు కదా అన్న ఆలోచన కొత్తది కాదు. ఇంటెల్, ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్లు 4 కేబీతో పాటు 2 ఎంబీ పేజీలనూ ఒప్పుకుంటాయి. ప్రోగ్రామ్ అడగకపోయినా పెద్ద ప్రాంతాలకు 2 ఎంబీ పేజీలు కట్టే ఏర్పాటు లినక్స్‌లోకి 2011లో వచ్చింది. 4 కేబీకి, 2 ఎంబీకి మధ్య 512 రెట్ల తేడా ఉండడం దాని బలహీనత. రెడిస్ లాంటి డేటాబేస్‌లు ఈ ఏర్పాటును ఆపేయమని సలహా ఇస్తాయి. రెడిస్ తన డేటాను డిస్కుకి రాసేటప్పుడు తనకు తానే ఒక నకలు తీసుకుంటుంది. ఆ సమయంలో ఏ పేజీలో చిన్న మార్పు జరిగినా ఆ పేజీ మొత్తాన్ని కాపీ చేయాలి. 4 కేబీ పేజీ అయితే కాపీ 4 కేబీయే. 2 ఎంబీ పేజీ అయితే ఒక్క బైటు కోసం 2 ఎంబీ కాపీ. మెమరీ ఉబ్బుతుంది, జవాబులు ఆలస్యమవుతాయి.

ఆ 512 రెట్ల అగాధాన్ని పూడ్చే పని 2024లో వచ్చిన లినక్స్ 6.8తో మొదలైంది. అందులో పునాది పేజీ 4 కేబీగానే ఉంటుంది. ప్రాంతం పెద్దదైతే కెర్నల్ 16, 32, 64 కేబీల ముక్కలను ఒకేసారి వరసగా ఇవ్వగలదు. ఆర్మ్‌లో అయితే వరసగా, సరైన హద్దు మీద ఉన్న పదహారు 4 కేబీ పేజీలను ఒకే టీఎల్‌బీ ఎంట్రీతో కప్పుకునే సూచన బిట్టు హార్డ్‌వేర్‌లోనే ఉంది. చిన్న ప్రాంతానికి చిన్న పేజీ దక్కుతుంది, పెద్ద ప్రాంతానికి పెద్ద పేజీ లాభం దక్కుతుంది. సూత్రంలో s/n అన్న ఒక్క సగటు స్థానంలో ఒక్కో ప్రాంతం తన సొంత సైజుని బట్టి తన p ని ఎంచుకున్నట్టవుతుంది. దీనికి ర్యామ్‌లో వరసగా 64 కేబీ ఖాళీ దొరకాలి. ఫోన్ చాలా రోజులు ఆపకుండా నడిచాక అలాంటి వరస చోట్లు అరుదవుతాయి. కెర్నల్ అప్పుడు పేజీలను అటూ ఇటూ జరిపి ఖాళీలను ఒకచోట చేర్చాలి, ఆ పనికి ప్రాసెసర్ సమయం, బ్యాటరీ ఖర్చవుతాయి. పేజీనే 16 కేబీ చేసేస్తే కనీసం ఆ సైజు వరకైనా ఈ వెతుకులాట ఉండదు. 9 శాతం మెమరీ ఖర్చుకి గూగుల్ సిద్ధపడడానికి ఇదీ ఒక సమర్థన. సర్వర్లలో మాత్రం 4 కేబీ పునాది మీద పెద్ద ముక్కలు కట్టే పద్ధతికే లినక్స్ కెర్నల్ డెవలపర్లు మెరుగులు దిద్దుతున్నారు. ఏ సైజు ముక్కలు వాడాలో యంత్రం నడిపేవాళ్లు `/sys/kernel/mm/transparent_hugepage/` కింద ఒక్కో సైజుకీ విడివిడిగా నిర్ణయించుకోవచ్చు.